బ్రిటన్‌లో ఏడాది ఎంఎస్సీ: 20 గంటల పని నిబంధనను, చదువు గంటలను కలిపి లెక్క వేసుకోవడం ఎలా

బ్రిటన్‌లో పీజీ చదవడానికి బయలుదేరే తెలుగు విద్యార్థికి వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చన్న సంగతి విమానం ఎక్కకముందే తెలిసి ఉంటుంది. అయితే ఆ వారం ఏ రోజున మొదలై ఏ రోజున ముగుస్తుందో, వేసవిలో కూడా ఆ పరిమితి ఉంటుందో ఉండదో, రెండు చోట్ల పని చేస్తే గంటలను ఎలా కలపాలో చాలామందికి స్పష్టంగా తెలియదు. నిబంధనను అతిక్రమించి ఇబ్బందుల్లో పడేవారిలో అత్యాశతో పడేవారికంటే ఈ లెక్క తప్పి పడేవారే ఎక్కువని నా అభిప్రాయం. సెప్టెంబరులో మొదలై మరుసటి సెప్టెంబరులో ముగిసే పూర్తికాలపు ఎంఎస్సీని ఉదాహరణగా తీసుకుని, ఏ పని తర్వాత ఏది చేయాలో ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తాను.

మొదటి మెట్టు: మీ వీసా షరతును మీరే చదవండి

ఇప్పుడు ప్లాస్టిక్ కార్డులు లేవు. మీ అనుమతి వివరాలన్నీ ఈ-వీసా రూపంలో, బ్రిటన్ వీసాల విభాగమైన యూకేవీఐ ఖాతాలో ఉంటాయి. ఖాతాలోకి వెళ్లి, పనికి సంబంధించిన షరతును మాటమాటా చదవండి. డిగ్రీ స్థాయి, ఆపై స్థాయి పూర్తికాలపు కోర్సులకు సాధారణంగా టర్మ్ జరుగుతున్న కాలంలో వారానికి 20 గంటలు ఉంటుంది. డిగ్రీకంటే తక్కువ స్థాయి కోర్సులకు అది 10 గంటలే. పార్ట్‌టైమ్ కోర్సులో చేరినవారికి పని చేసే అనుమతే ఉండదు. స్నేహితుడి వీసాలో ఏముందో మీ వీసాలోనూ అదే ఉంటుందని అనుకోకండి.

ఉద్యోగం ఇచ్చేవారికి చూపించవలసిన షేర్ కోడ్‌ను కూడా ఈ ఖాతా వివరాలతోనే gov.uk లో తీసుకోవాలి. పని హక్కును నిరూపించే కోడ్ W అక్షరంతో మొదలవుతుంది, 90 రోజులు చెల్లుతుంది. ఇంటి అద్దె కోసం తీసుకున్న కోడ్ ఇక్కడ పనికిరాదు. జీతంలో కోతలను మీ పేరు మీద నమోదు చేసే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుకు దరఖాస్తు ఉచితం. అది చేతికి రాకపోయినా, పని హక్కు రుజువు ఉంటే పనిలో చేరవచ్చు. ఆ నంబరు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని దూరం పెట్టండి.

షరతులో గంటలతోపాటు పని రకం గురించి కూడా ఉంటుంది. స్వయం ఉపాధి, వ్యాపారం, వృత్తిగా క్రీడలు, వినోద ప్రదర్శనలు, పూర్తికాలపు శాశ్వత ఉద్యోగం నిషిద్ధం. ఫుడ్ డెలివరీ యాప్‌లలో రైడర్లను సాధారణంగా స్వయం ఉపాధిదారులుగానే నమోదు చేసుకుంటారు కాబట్టి, వారానికి 5 గంటలే చేసినా అది ఉల్లంఘనే. మరొకరి ఖాతాను అద్దెకు తీసుకుని డెలివరీ చేయడం మన కుర్రాళ్లలో అక్కడక్కడా కనిపిస్తుంది. అందులో గంటల ప్రసక్తే లేకుండా తప్పు జరిగిపోతుంది. రాత్రిళ్లు గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ఫ్రీలాన్సర్‌గా వెబ్‌సైట్లు చేసిపెట్టడం కూడా స్వయం ఉపాధి కిందికే వస్తుంది. జీతం రూపాయల్లో పడుతోంది కదా అన్న సమాధానం చెల్లదు, ఎందుకంటే పని చేస్తున్న మనిషి ఉన్నది బ్రిటన్‌లో.

రెండో మెట్టు: మీ కోర్సుకు టర్మ్ ఎప్పుడో రాతపూర్వకంగా తెచ్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. సెలవుల్లో ఎన్ని గంటలైనా పని చేయవచ్చన్న మాట నిజమే. కానీ సెలవు అంటే తరగతులు లేని రోజులని అర్థం కాదు. మీ కోర్సుకు యూనివర్సిటీ అధికారికంగా సెలవుగా ప్రకటించిన కాలమని అర్థం. బీఎస్సీ విద్యార్థికి వేసవి సెలవు కాలం, కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు వరకు అతడు పూర్తికాలం పని చేయవచ్చు. ఎంఎస్సీ విద్యార్థికి ఆ నెలలు డిసర్టేషన్ కాలం. తరగతులు లేకపోయినా, క్యాంపస్ ఖాళీగా కనిపించినా, డిసర్టేషన్ రాస్తున్న కాలమంతా టర్మ్ కిందే లెక్క. కనుక జూన్, జులై, ఆగస్టు నెలల్లోనూ మీ పరిమితి 20 గంటలే.

ఒకే ఇంట్లో బీఎస్సీ చదివే అబ్బాయి, ఎంఎస్సీ చదివే అబ్బాయి ఉంటున్నారనుకుందాం. ఇద్దరూ ఒకే గిడ్డంగిలో పని చేస్తున్నారు. మొదటివాడు యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి సెలవు తేదీల పేజీని డౌన్‌లోడ్ చేసి మేనేజరుకు ఇస్తాడు, రెండోవాడూ అదే పేజీ ఇస్తాడు. మేనేజరు ఇద్దరికీ 40 గంటలు వేస్తాడు. ఆ పేజీ డిగ్రీ విద్యార్థులకు ఉద్దేశించింది కాబట్టి రెండోవాడు మొదటి వారం నుంచే అతిక్రమణలో ఉన్నాడు, ఆ సంగతి అతడికి తెలియనే తెలియదు.

అందుచేత యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి మెయిల్ రాసి మూడు విషయాలు అడగండి. మీ కోర్సుకు క్రిస్మస్, ఈస్టర్ సెలవులు అధికారికంగా ఉన్నాయా, ఉంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? వేసవిలో ఏ భాగమైనా సెలవుగా లెక్కకు వస్తుందా? కోర్సు అధికారికంగా ముగిసే తేదీ ఏది? క్రిస్మస్, ఈస్టర్ విషయంలో యూనివర్సిటీకీ యూనివర్సిటీకీ, ఒక్కోసారి కోర్సుకూ కోర్సుకూ తేడా ఉంటుంది. జనవరిలో చేరినవారి తేదీలు మరీ వేరు. జవాబు వచ్చాక అందులోని తేదీలను ఉద్యోగం ఇచ్చినవారికి పంపండి. టర్మ్ తేదీల రుజువు తీసుకుని భద్రపరచడం వారి బాధ్యత కూడా. అనుమతి లేని పని చేయించినట్టు తేలితే 2024 ఫిబ్రవరి నుంచి ఒక్కో వ్యక్తికి 45,000 పౌండ్ల వరకు, మళ్లీ దొరికితే 60,000 పౌండ్ల వరకు జరిమానా పడుతుంది కాబట్టి, పద్ధతిగా నడిచే సంస్థ ఏదైనా ఈ కాగితాన్ని తానే అడుగుతుంది. అడగని సంస్థను కొంచెం అనుమానంగానే చూడండి.

మూడో మెట్టు: పని వెతికేముందు చదువు గంటలు లెక్కించండి

మొదటి వారం టైమ్‌టేబుల్ చూడగానే ఎవరికైనా ధైర్యం వస్తుంది. వారానికి 10 నుంచి 14 గంటల తరగతులే కనిపిస్తాయి, మిగతాదంతా ఖాళీ. కానీ బ్రిటన్ మాస్టర్స్ డిగ్రీని 180 క్రెడిట్లుగా కడతారు, ఒక్కో క్రెడిట్‌కు సుమారు 10 గంటల శ్రమ ఉంటుందన్నది ప్రామాణికమైన లెక్క. అంటే ఏడాదికి 1,800 గంటలు. సాధారణంగా మొదటి సెమిస్టరుకు 60 క్రెడిట్లు, రెండో దానికి 60, డిసర్టేషన్‌కు 60 వస్తాయి. ఒక సెమిస్టరు 600 గంటలను పరీక్షలు, అసైన్‌మెంట్ల వారాలతో కలిపి 15 వారాలకు పంచితే వారానికి 40 గంటలు. తరగతులు 12 గంటలే అయితే, మిగిలిన 28 గంటలు ఎవరూ హాజరు తీసుకోని చదువు: పేపర్లు చదవడం, కోడ్ రాయడం, రిపోర్టు దిద్దుకోవడం.

ఈ 28 గంటలను ఖాళీ అనుకుని షిఫ్టులకు ఇచ్చేయడమే అసలు పొరపాటు. దాని ఫలితం అక్టోబరులో తెలియదు. అసైన్‌మెంట్లన్నీ ఒక్కసారి మీద పడే డిసెంబరులో తెలుస్తుంది. ఇంజినీరింగ్‌లో పరీక్షకు ముందు రెండు వారాలు కూర్చుని గట్టెక్కిన అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక్కడ మార్కుల్లో పెద్ద భాగం సెమిస్టరు మధ్యలో ఇచ్చే రిపోర్టులకు ఉండే కోర్సులు చాలా ఉన్నాయి కాబట్టి ఆ పద్ధతి అక్కరకు రాదు.

కాబట్టి టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకుని, తరగతులతోపాటు ఆ 28 గంటలను కూడా క్యాలెండరులో పేరు పెట్టి రాయండి. మంగళవారం మధ్యాహ్నం 2 నుంచి 6 వరకు లైబ్రరీ, ఫలానా మాడ్యూల్ అని. నిద్ర, వంట, ప్రయాణం కూడా రాశాక మిగిలే చోటులోనే షిఫ్టు పట్టాలి. నేను చూసినంతలో ఎక్కువ కోర్సులకు అది 12 నుంచి 16 గంటల దగ్గర ఆగుతుంది. 20 అనేది చట్టం పెట్టిన పై హద్దు; మీ కోర్సు ఎంత మోయగలదో ఆలోచించి పెట్టిన సంఖ్య కాదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు దాటినవారికి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. వారానికి 12 గంటలైతే నెలకు సుమారు 660 పౌండ్లు, 16 గంటలైతే 880, పూర్తి 20 గంటలైతే 1,100 వస్తాయి. వీసా దరఖాస్తులో లండన్ వెలుపల జీవన ఖర్చుగా ప్రభుత్వం చూపించమనే మొత్తం నెలకు 1,171 పౌండ్లు. పరిమితి అంచు వరకు ఒక్క వారం కూడా మానకుండా పని చేసినా, ప్రభుత్వం వేసిన జీవన ఖర్చు అంచనానే అందుకోలేరన్నమాట. ఇక ఫీజు వాయిదా పార్ట్‌టైమ్ జీతంతో కట్టేద్దామన్న ప్రణాళికలో లెక్క కుదిరే అవకాశం లేదు. విజయవాడలోనో అమీర్‌పేటలోనో కన్సల్టెన్సీవారు వేరే విధంగా చెప్పి ఉంటే, ఈ గుణకారం వాళ్ల ముందే వేసి చూపించండి.

నాలుగో మెట్టు: వారాన్ని సోమవారం నుంచి ఆదివారం వరకు లెక్కించండి

నిబంధన ప్రకారం వారం అంటే సోమవారం మొదలై ఆదివారంతో ముగిసే ఏడు రోజులు. ఇందులో సగటు లేదు. ఒక వారం 10 గంటలే చేశాను కాబట్టి మరుసటి వారం 30 చేస్తానంటే కుదరదు, నెలకు 80 గంటలన్న లెక్కా లేదు. అన్ని చోట్ల చేసిన గంటలనూ కలపాలి. సేవా సంస్థ దుకాణంలో జీతం లేకుండా చేసినా, అది ఒక ఉద్యోగంలా నిర్ణీత బాధ్యతలతో ఉంటే ఆ గంటలూ కలుస్తాయి. జీతం ఇచ్చే శిక్షణ కూడా పనే. కోర్సులో భాగంగా మార్కులు ఉండే ప్లేస్‌మెంట్ మాత్రం ఈ 20 గంటల్లోకి రాదు.

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. వరంగల్ నుంచి లెస్టర్‌కు డేటా సైన్స్ చదవడానికి వచ్చిన అమ్మాయికి సూపర్‌మార్కెట్‌లో 12 గంటల కాంట్రాక్టు దొరికిందనుకోండి: శుక్రవారం సాయంత్రం 6 నుంచి 10 వరకు నాలుగు గంటలు, శనివారం జీతం లేని అరగంట విరామం తీసేస్తే ఎనిమిది గంటలు. ఇంకా 8 గంటల చోటుంది కదా అని ఆమె ఒక కేర్ హోమ్‌లో ఆదివారం రాత్రి 10 నుంచి సోమవారం ఉదయం 6 వరకు ఒక షిఫ్టు ఒప్పుకుంది. 12, 8 కలిపితే 20. పైకి చూస్తే సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు వారాలుగా విడగొట్టి చూడండి. ఆదివారం రాత్రి 10 నుంచి 12 వరకు చేసిన రెండు గంటలు ఆ వారానివి. అర్ధరాత్రి దాటాక చేసిన ఆరు గంటలు కొత్త వారానివి. మొదటి వారం మొత్తం 12, 2 కలిపి 14 గంటలు. రెండో వారం సోమవారం తెల్లవారేసరికే ఆమె ఖాతాలో 6 గంటలు పడిపోయాయి. శుక్ర, శనివారాల 12 కలిస్తే 18. ఆ వారం ఆదివారం రాత్రి షిఫ్టు ఒప్పుకోలేదు కాబట్టి ఇంకా రెండు గంటలే మిగిలాయి. గురువారం సూపర్‌మార్కెట్ మేనేజరు ఫోన్ చేసి, ఒకరు రాలేదు, నాలుగు గంటలు రాగలవా అని అడిగాడు. ఆదివారం రాత్రి చేసింది పోయిన వారానిదేననుకుని ఆమె వెళ్లింది. మొత్తం 22 గంటలు. ఆమె తన లెక్కలో 16 అనుకుంటోంది.

ప్రతి ఆదివారం రాత్రీ ఆ షిఫ్టు చేస్తే మరో ఇబ్బంది. ప్రతి వారం సరిగ్గా 20 అవుతుంది. ఉదయం డ్యూటీకి రావలసిన మనిషి ఆలస్యమై ఆమె పావుగంట ఎక్కువ ఆగినా, ఆ వారం 20.25 అయినట్టే. దీనికితోడు సోమవారం 9 గంటల లెక్చరులో నిద్ర. నన్ను అడిగితే ఆదివారం రాత్రి షిఫ్టును ఎవరూ ఒప్పుకోకూడదు. లెక్కలోనూ, చదువులోనూ అది రెండు వారాలను ఒకేసారి పాడుచేస్తుంది.

పేస్లిప్ చూసి సరిచూసుకుందామంటే అదీ నమ్మదగినది కాదు. చాలా సంస్థల పేరోల్ వారం ఆదివారమో, శనివారమో మొదలవుతుంది. కొన్నిచోట్ల నాలుగు వారాలకు ఒక పేస్లిప్పే వస్తుంది. అందుకని ఫోనులోనో, చిన్న నోటుబుక్కులోనో సోమవారం నుంచి ఆదివారం వరకు గడులు గీసి, షిఫ్టు అయిన వెంటనే మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, జీతం లేని విరామం, పని చేసిన చోటు రాయండి. జీతం ఇచ్చే విరామాన్ని పని గంటల్లోనే వేసుకోవడం మేలు. షిఫ్టుల పట్టిక అయిన రోటా స్క్రీన్‌షాట్లు, పేస్లిప్పులు కోర్సు అయ్యాక కూడా దాచి ఉంచండి. సొంతంగా రాసుకున్న గరిష్ఠం 18 అని పెట్టుకుంటే, ఆలస్యంగా వచ్చే మనిషికి, చివరి నిమిషంలో స్టాక్ లెక్కకు రెండు గంటల ఊపిరి ఉంటుంది.

ఐదో మెట్టు: కాంట్రాక్టు, జీతం, పన్ను

ఒకే యజమాని దగ్గర నిర్ణీత గంటల చిన్న కాంట్రాక్టు, గంటల హామీ లేకుండా పిలిచినప్పుడే వెళ్లే రెండు మూడు ఏజెన్సీల జీరో అవర్స్ పనికంటే చదువుకు ఎంతో అనుకూలం. జీరో అవర్స్‌లో షిఫ్టును కాదనే హక్కు మీకు ఉంది, కానీ కాదన్న ప్రతిసారీ తర్వాతి వారం పిలుపు రాదేమోనన్న భయం కూడా ఉంటుంది. క్యాంపస్‌లోనే లైబ్రరీలో, విద్యార్థి సంఘం కేఫ్‌లో దొరికే పనులకు మొదటి వారంలోనే దరఖాస్తు చేయండి; ప్రయాణ సమయం కలిసొస్తుంది, పరీక్షల తేదీలు వారికే తెలుసు.

నగదు చేతికిచ్చే పనుల విషయంలో ఒక్క మాట. పేరోల్‌లో లేని గంటలు కూడా గంటలే, అవీ 20లో కలుస్తాయి. పైగా కనీస వేతనం రాకపోయినా అడిగే దారి కష్టమవుతుంది. పేరోల్‌లో ఉన్న జీతం వివరాలు ప్రతి చెల్లింపుతో పన్నుల శాఖ అయిన హెచ్ఎంఆర్‌సీకి చేరుతుంటాయి కాబట్టి, రెండు యజమానుల మధ్య పంచుకున్న గంటలు ఎవరికీ కనిపించవన్న నమ్మకానికీ ఆధారం లేదు.

పన్నులో పెద్దగా భయపడవలసింది లేదు. ఏడాదికి 12,570 పౌండ్ల వరకు ఆదాయపు పన్ను ఉండదు, వారానికి 242 పౌండ్లు దాటిన భాగం మీదే నేషనల్ ఇన్సూరెన్స్ కోత 8 శాతం పడుతుంది. పేస్లిప్‌లో పన్ను కోడ్ 1257L అని ఉందో లేదో చూడండి. రెండో ఉద్యోగానికి BR అని ఉంటే మొదటి పౌండు నుంచే 20 శాతం కోస్తారు. మీ మొత్తం సంపాదన పరిమితి దాటకపోతే అది తిరిగి వస్తుంది. హెచ్ఎంఆర్‌సీ ఆన్‌లైన్ ఖాతాలో వివరాలు సరిచేస్తే ఇంకా త్వరగా వస్తుంది.

ఆరో మెట్టు: గడువులకు ముందే సెలవు పెట్టండి

అసైన్‌మెంట్ల గడువులన్నీ సెమిస్టరు మొదట్లోనే మాడ్యూల్ హ్యాండ్‌బుక్కుల్లో ఉంటాయి. వాటిని ఒకే కాగితం మీదకు తెచ్చి, రెండుకు మించిన గడువులు పడ్డ వారాలను గుర్తించి, ఆ వారాలకు అప్పుడే సెలవు అడగండి. గంటల లెక్కన పని చేసేవారికి కూడా జీతంతో సెలవు ఉంటుంది; గంటలు మారుతూ ఉండేవారికి అది చేసిన గంటల్లో 12.07 శాతంగా జమవుతుంది. వారానికి 12 గంటల చొప్పున 10 వారాలు చేస్తే 120 గంటలకు సుమారు 14న్నర గంటల సెలవు వస్తుంది, అంటే జనవరి పరీక్షలకు ముందు ఒక వారం జీతం పోకుండా ఇంట్లో కూర్చోవచ్చు. కొన్ని సంస్థలు ఈ మొత్తాన్ని ప్రతి పేస్లిప్‌లోనే విడిగా చూపించి ఇచ్చేస్తాయి. అలాంటప్పుడు ఆ డబ్బును పక్కన పెట్టుకోవాలి.

పని ఎక్కువైందని తెలిపే గుర్తులు మార్కులకంటే ముందే కనిపిస్తాయి. లెక్చరు రికార్డింగులు రెండు వారాలకు మించి పేరుకుపోవడం, గ్రూప్ ప్రాజెక్టు సమావేశాలకు వరుసగా క్షమాపణలు చెప్పడం, గడువు పొడిగింపు రెండోసారి అడగవలసి రావడం. వీటిలో రెండు కనిపిస్తే ఆ వారమే మేనేజరుతో మాట్లాడి నాలుగు గంటలు తగ్గించుకోండి. హాజరు తగ్గితే సమస్య మార్కులతో ఆగదు. యూనివర్సిటీ మీ వీసాకు స్పాన్సర్. మీరు కోర్సులో పాల్గొనడం లేదని తేలితే స్పాన్సర్‌షిప్ ఉపసంహరించుకోవలసి వస్తుంది, అప్పుడు వీసా గడువు కుదించుకుపోతుంది.

పరిమితి దాటినట్టు తర్వాత తెలిస్తే

ముందుగా ఆ వారం మిగిలిన షిఫ్టులన్నీ ఆపండి. ఎంత దాటింది, ఎందుకు దాటింది, ఏ రోజున తెలిసింది అన్నవి తేదీలతో రాసి, రోటాతోపాటు దాచండి. తర్వాత సలహా తీసుకోండి, కానీ ఎవరిని అడుగుతున్నారో చూసుకోండి: యూనివర్సిటీకి స్పాన్సర్‌గా హోమ్ ఆఫీస్‌కు తెలియజేయవలసిన బాధ్యతలున్నాయి కాబట్టి, విద్యార్థి సంఘం సలహా కేంద్రంతోనో, అంతర్జాతీయ విద్యార్థులకు సలహాలిచ్చే సంస్థ యూకేసీఐఎస్ఏ హెల్ప్‌లైన్‌తోనో, అనుమతి ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారుతోనో ముందు మాట్లాడడం మంచిది. తర్వాతి వీసా దరఖాస్తులో షరతులు అతిక్రమించారా అన్న ప్రశ్న ఎదురైతే అబద్ధం రాయకండి. రెండు గంటల పొరపాటుకంటే దాన్ని దాచిన అబద్ధం దరఖాస్తుకు ఎక్కువ చేటు చేస్తుంది.

చివరి మెట్టు: కోర్సు ముగింపు దగ్గర

డిసర్టేషన్‌ను ఆగస్టు చివర సమర్పించారు, కోర్సు ముగింపు తేదీ సెప్టెంబరు మూడో వారంలో ఉందనుకోండి. ఈ మధ్య కాలంలో పూర్తికాలం పని చేయవచ్చునా అన్నది మీ అంతట మీరు తేల్చుకోకండి. కోర్సు అధికారికంగా పూర్తయినట్టు యూనివర్సిటీ రాసిచ్చే తేదీనే ఆధారం. ఆ తేదీ దాటాక వీసా గడువు ముగిసే వరకు గంటల పరిమితి ఉండదు, ఏడాది కోర్సుకు ఈ అదనపు కాలం సాధారణంగా నాలుగు నెలలు. అప్పుడు కూడా స్వయం ఉపాధి నిషేధం కొనసాగుతుంది. పూర్తికాలపు శాశ్వత ఉద్యోగంలో చేరాలంటే కోర్సు విజయవంతంగా పూర్తయినట్టు యూనివర్సిటీ హోమ్ ఆఫీస్‌కు తెలియజేసి, చదువు తర్వాత బ్రిటన్‌లో ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు మీరు దరఖాస్తు చేసి ఉండాలి. ఆ దరఖాస్తును 2027 జనవరి 1 లేదా ఆ తర్వాత పెట్టే మాస్టర్స్ విద్యార్థులకు రెండేళ్లకు బదులు 18 నెలలే దక్కుతాయి కాబట్టి, ఫలితం వెలువడే తేదీని కూడా డిసర్టేషన్ మొదలుపెట్టిన రోజే అడిగి రాసుకోండి.